ముందు ఆకులు, వెనక రసాయనాలు: హెర్బల్ డై, గోరింటాకు పొడి ప్యాకెట్‌ను చదవడం ఎలా

ప్యాకెట్ మీద గోరింటాకు కొమ్మ, పక్కన ఉసిరికాయ, మందార పువ్వు. కింద “నేచురల్ బ్లాక్” అని పెద్ద అక్షరాలు, “30 నిమిషాల్లో” అని చిన్న అక్షరాలు. ఆ రెండు మాటలు ఒకే ప్యాకెట్ మీద కనిపిస్తే వెనక్కి తిప్పి చూడకుండానే అనుమానించవచ్చు. ఎందుకంటే బొమ్మలో ఉన్న ఆకులేవీ, విడిగా గానీ కలిపి గానీ, తెల్ల వెంట్రుకను అరగంటలో నల్లగా చేయలేవు.

ఇక్కడ “నేచురల్ బ్లాక్” అంటే సహజమైన పదార్థాలతో చేసిన నలుపు అని కాదు. అది రంగు పేరు మాత్రమే. పూర్తి రసాయన క్రీమ్ డైల మీద కూడా అదే పేరు ఉంటుంది.

రంగు ఎలా పడుతుందో తెలిస్తే సగం మోసం అక్కడే బయటపడుతుంది

గోరింటాకులో రంగునిచ్చేది లాసోన్ అనే పదార్థం. ఆకులో అది చక్కెరతో ముడిపడి ఉంటుంది. పొడిని నీళ్లతో కలిపి నానబెట్టినప్పుడు మెల్లగా విడుదలై, వెంట్రుకలోని కెరాటిన్‌కు అతుక్కుంటుంది. దీనికి గంటలు పడుతుంది, ఫలితంగా వచ్చేది నారింజ ఎరుపు. నల్ల వెంట్రుక మీద అది ఎర్రటి మెరుపులా మాత్రమే కనిపిస్తుంది, తెల్ల వెంట్రుక మీద రాగి రంగులో కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఇనుప మూకుడులో, టీ డికాక్షన్‌తో నానబెడితే కాస్త గోధుమ వైపు తిరుగుతుంది గానీ నలుపు రాదు.

ఆకులతోనే నలుపు కావాలంటే రెండో మొక్క ఉండి తీరాలి. అది నీలిచెట్టు, బజారులో దాని ఆకు పొడిని ఇండిగో పొడి అంటారు. ఈ ఆకును నీళ్లలో కలిపితే అందులోని ఇండికాన్ విడిపోయి, గాలి తగలగానే నీలం రంగుగా మారుతుంది. గోరింటాకు ఎరుపు మీద ఈ నీలం పడితే ముదురు గోధుమ, లేదా నలుపు. ఒక్క నీలిఆకు పొడినే తెల్ల జుట్టుకు పెడితే నీలిబూడిద రంగో, పచ్చదనమో వస్తుంది. (బట్టలు ఉతికాక తెల్లదనం కోసం వేసే నీలిమందుకూ దీనికీ సంబంధం లేదు. దాన్ని తలకు పెట్టకూడదు.)

ఉసిరి, గుంటగలగరాకు, మందార, సరస్వతి ఆకు, శీకాయ, మెంతులు, వేప: వీటిలో ఏదీ తెల్ల వెంట్రుకకు రంగు వేయదు. జాబితాలో పది మూలికల పేర్లుండి నీలిఆకు లేకపోతే, పైన మాత్రం నలుపు అని రాసి ఉంటే, ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తోందో వాళ్లు చెప్పలేదన్నమాట.

చెప్పని చోట సాధారణంగా ఉండేది పారా ఫినైలీన్ డయమైన్, పొట్టిగా పిపిడి. ఇది మొదట్లో రంగులేని చిన్న అణువు, వెంట్రుక లోపలికి సులువుగా దూరుతుంది. దానితో పాటు ఆక్సిజన్ ఇచ్చే పదార్థం ఒకటి ఉంటే లోపలే ఈ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద నల్లటి అణువులవుతాయి, ఇక బయటికి రాలేవు. అరగంటలో వచ్చే నలుపు రహస్యం ఇదే. క్రీమ్ డైలో ఆ ఆక్సిజన్ రెండో సీసాలోని హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి వస్తుంది. పొడి డైలో రెండో సీసా ఉండదు కాబట్టి, బేరియం పెరాక్సైడో సోడియం పెర్బొరేటో పొడిలోనే కలిపేస్తారు.

జాబితాలో అన్నిటికంటే ముందు వెతకవలసింది ఆక్సిజన్ ఇచ్చే పదార్థమే

పిపిడి పేరు పట్టుకోవడం కష్టం. పారా ఫినైలీన్ డయమైన్, పి-ఫినైలీన్ డయమైన్, 1,4-డయమినో బెంజీన్, 1,4-బెంజీన్ డయమైన్ అన్నీ ఒకటే. రంగు సూచిక సంఖ్య 76060 అన్నా, రసాయన నమోదు సంఖ్య 106-50-3 అన్నా అదే. చివర హైడ్రోక్లోరైడ్, సల్ఫేట్ అని తోక తగిలించినా అది చేసే పని మారదు. ఇన్ని పేర్లు గుర్తుపెట్టుకోవడం కన్నా సులువైన దారి ఒకటుంది: ఆక్సిజన్ ఇచ్చే పదార్థం కోసం చూడండి. గోరింటాకుకు పెరాక్సైడ్ అక్కర్లేదు, నీలిఆకుకు గాలి చాలు. కాబట్టి జాబితాలో పెరాక్సైడ్, పెర్బొరేట్, పెర్‌కార్బొనేట్, పెర్‌సల్ఫేట్ అనే మాటల్లో ఏది కనిపించినా ఆ పొడి ఆకుల బలంతో రంగు వేసేది కాదు. దానితో పనిచేసే రసాయన రంగు పేరు జాబితాలో ఉన్నా లేకున్నా డబ్బాలో ఉందనే లెక్క వేసుకోవాలి.

ఆ తర్వాత చూడవలసిన పేర్లు కొన్నే. టోలీన్-2,5-డయమైన్, పారా అమైనోఫినాల్, మెటా అమైనోఫినాల్, రిసార్సినాల్: ఇవి పిపిడికి బదులుగానో తోడుగానో వాడేవి. ఎరుపు కోసం అమ్మే కొన్ని “రెడ్ హెన్నా” పొడుల్లో, కోన్లలో సోడియం పిక్రమేట్ కలుపుతారు. బేసిక్ బ్రౌన్, బేసిక్ రెడ్, హెచ్‌సీ అనే పొడి అక్షరాలతో మొదలయ్యే పేర్లు కూడా తయారీ రంగులే. సోడియం సల్ఫైట్, ఈడీటీఏ రంగులు కావు గానీ, కలిపిన డై నిలవలో పాడవకుండా కాపలాకు పెట్టేవి. ఒట్టి ఆకు పొడికి కాపలా ఎందుకో అడగవలసిందే. జాబితాలో సిట్రిక్ యాసిడ్ ఒక్కటే ఉంటే మాత్రం దాన్ని పట్టుకుని అనుమానించనక్కర్లేదు, అది నిమ్మరసం చేసే పనే చేస్తుంది.

వరస క్రమం కూడా కొంత చెబుతుంది. మన చట్టం ప్రకారం 1 శాతం కన్నా ఎక్కువున్న పదార్థాలను బరువులో పెద్దదాని నుంచి చిన్నదాని వైపు రాయాలి, 1 శాతం లోపువి తర్వాత ఏ వరసలోనైనా రాయవచ్చు. హెన్నా మొదట ఉందని ధైర్యపడకూడదు. పొడిలో ఎక్కువ బరువు ఆకుదే అయినా, పని చేసేది నాలుగైదు గ్రాముల రసాయనమే కావచ్చు. ఐరోపా సమాఖ్యలో తలకు పెట్టే వేళకు పిపిడి 2 శాతం మించకూడదు. అంత కొంచెంతోనే జుట్టు నల్లబడుతుందన్న మాట.

ఇక అందరికీ తెలియని సంగతి. ఘన పదార్థం 30 గ్రాముల కంటే తక్కువున్న ప్యాకెట్ మీద, ద్రవమైతే 60 మిల్లీలీటర్ల కంటే తక్కువున్న సీసా మీద పదార్థాల జాబితా వేయనక్కర్లేదని అదే నియమంలో మినహాయింపు ఉంది. కిరాణా కొట్లో దండలా వేలాడే 10, 15 గ్రాముల పొట్లాలు అన్నీ దీని కిందికే వస్తాయి. జాబితా లేదంటే చట్టం తప్పినట్టు కాదు, కాని కొనేవాళ్లకు చదవడానికి ఏమీ ఉండదు. అలాంటి పొట్లాన్ని “హెర్బల్” అన్న ముందు మాట చూసి కొనడం కన్నా, అదే రకం పెద్ద డబ్బా ఉంటే దాని వెనక చూడటం మేలు. లేదంటే వదిలేయాలి.

జాబితా లేకున్నా మరొకటి దొరుకుతుంది. పిపిడి, ఇతర రసాయన రంగులు ఉన్న హెయిర్ డై మీద ఇంగ్లిషులోనూ స్థానిక భాషలోనూ హెచ్చరిక వేయాలి. సారాంశం ఇది: కొందరికి చర్మం మంట పెట్టవచ్చు, ముందుగా పరీక్షించి వాడాలి, కనుబొమలకూ రెప్పలకూ వాడితే చూపు పోవచ్చు. ఈ వాక్యాలు పొట్లం మడతలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. ముందు పక్క “100% హెర్బల్”, మడతలో “చూపు పోవచ్చు” అని ఉంటే మడతనే నమ్మాలి.

నాలుగు ప్యాకెట్లు, ఒకే అవసరం

భుజాల దాకా జుట్టు, అందులో సగం నెరిసింది, కావలసింది ముదురు గోధుమ రంగు. ఎదురుగా నాలుగు ప్యాకెట్లున్నాయనుకుందాం. పేర్లు లేవు, కాని ఇలాంటివి ఏ ఊరి ఫ్యాన్సీ షాపులోనైనా కనిపిస్తాయి.

మొదటిది 100 గ్రాముల గోరింటాకు పొడి. వెనక ఒకటే వాక్యం: లాసోనియా ఇనర్మిస్ ఆకు పొడి. హెచ్చరిక లేదు, “నలుపు” అనే మాట లేదు, నానబెట్టమని రాసి ఉంది. ఇది మాట ప్రకారమే ఉంది. కాని ఒక్క దీనితో సగం నెరిసిన తల రాగి, నలుపు చారలుగా కనిపిస్తుంది. కావలసిన రంగుకు నీలిఆకు పొడి జత కావాలి.

రెండోది ఆరు పొట్లాలున్న 60 గ్రాముల అట్టపెట్టె. పేరు “హెర్బల్ హెన్నా బ్లాక్”, సమయం 30 నిమిషాలు. జాబితా: హెన్నా, బేరియం పెరాక్సైడ్, సిట్రిక్ యాసిడ్, పి-ఫినైలీన్ డయమైన్, ఉసిరి, గుంటగలగరాకు. పెరాక్సైడ్ దగ్గరే చదవడం ఆపేయవచ్చు. ఇది పొడి రూపంలో ఉన్న రసాయన డై, హెన్నా అందులో చిక్కదనం కోసం కలిపినదే. దీనికన్నా మామూలు క్రీమ్ డై నయం అనిపిస్తుంది. ఎందుకంటే అక్కడ కనీసం తాను డై అని చెప్పుకుంటుంది, కొనేవాళ్లు పరీక్ష చేసుకుని వాడతారు. దీన్ని “ఆకే కదా” అని గంటన్నర ఉంచేస్తారు.

మూడోది క్రీమ్. ముందు “అమోనియా లేదు, పిపిడి లేదు”. వెనక టోలీన్-2,5-డయమైన్ సల్ఫేట్, రిసార్సినాల్, ఇథనాలమైన్. రెండు మాటలూ అబద్ధం కావు. అమోనియా బదులు ఇథనాలమైన్ వాడారు, ఘాటు వాసన తగ్గింది, అంతే. పిపిడి బదులు దాని దగ్గరి చుట్టం వాడారు. పిపిడి పడని వాళ్లలో చాలామందికి ఇది కూడా పడదు. ఎలర్జీ లేనివాళ్లు తెలిసి వాడుకోవచ్చు గానీ హెర్బల్ అనుకుని వాడకూడదు.

నాలుగోది 100 గ్రాముల “ఆకుల మిశ్రమం”. జాబితా: ఇండిగోఫెరా టింక్టోరియా ఆకు పొడి, లాసోనియా ఇనర్మిస్ ఆకు పొడి, ఉసిరి పొడి, గుంటగలగరాకు పొడి. సమయం రెండు గంటలు. రంగు ఎక్కడి నుంచి వస్తుందో జాబితా చెబుతోంది, సమయం దానికి సరిపోతోంది. ఈ నాలుగింటిలో ఒక్క ప్యాకెట్‌తో పని కావాలంటే ఇదే. కాకపోతే గోరింటాకుకు గంటలు నానడం కావాలి, నీలిఆకును కలిపిన వెంటనే పెట్టాలి. రెండూ ఒకే డబ్బాలో ఉన్నప్పుడు ఏదో ఒకటి నష్టపోతుంది. అందుకే తెల్ల వెంట్రుకలు ఎక్కువున్నవాళ్లకు రెండూ విడివిడిగా కొనుక్కోవడమే మంచి ఫలితమిస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. “బ్లాక్ హెన్నా” పేరుతో కొందరు నిజంగానే నీలిఆకు పొడి అమ్ముతారు, మరికొందరు పిపిడి కలిపిన పొడి అమ్ముతారు. “న్యూట్రల్ హెన్నా” అనేది అసలు గోరింటాకే కాదు, రంగు దాదాపు ఇవ్వని కాసియా ఆకు. వ్యాపార పేరు ఏదైనా, మొక్క శాస్త్రీయ నామం రాసి ఉన్న ప్యాకెట్‌నే తీసుకోవాలి.

ఇంటికి తెచ్చాక తేల్చుకోవడం

జాబితా శుభ్రంగా ఉన్నా పొడి శుభ్రంగా ఉంటుందన్న హామీ లేదు. గోరింటాకు పొడి సహజంగా కాస్త వడిలిన ఆకుపచ్చ, ఎండుగడ్డి వాసన. చిలకపచ్చగా మెరుస్తుంటే రంగు కలిపి ఉండవచ్చు. తడిపిన తెల్ల కాగితం రుమాలు మీద చిటికెడు చల్లండి. అప్పటికప్పుడు పచ్చటి చారలు పాకితే అది కలిపిన రంగు. గోరింటాకు మరకైతే మెల్లగా, పసుపు గోధుమ రంగులో దిగుతుంది. ఒక చెంచా పొడిని గ్లాసు నీళ్లలో కలిపి పది నిమిషాలు వదిలితే, ఇసుక ఉంటే అడుగున గరగరలాడుతూ తెలిసిపోతుంది.

రసాయన రంగు కోసం చేయవలసిన పరీక్ష వేరు, దానికి దువ్వెనలో వచ్చిన తెల్ల వెంట్రుకలు చాలు. ఇరవై వెంట్రుకల్ని దారంతో ఒక చివర కట్టి, షాంపూతో కడిగి ఆరబెట్టండి. పొడి ఒక చెంచా, గోరువెచ్చటి నీళ్లు మూడు చెంచాలు కలిపి, చేతికి గ్లవ్స్ వేసుకుని, గాజు గిన్నెలో ఆ కుచ్చును ముంచండి. ఇరవై నిమిషాలకు తీసి కడిగి చూడండి. గోరింటాకు మాత్రమే ఉన్న పొడిలో లేత నారింజ ఛాయ, లేదా ఏమీ ఉండదు. గోధుమ, నలుపు వస్తే అందులో మరొకటి ఉంది.

నీలిఆకు కలిసిన మిశ్రమానికి ఈ పరీక్ష అంత సూటిగా పనిచేయదు. ఆ ముద్ద పైపొర గాలి తగిలి పది పదిహేను నిమిషాల్లో నల్లనీలంగా మారడం సహజమే, దాన్ని చూసి రసాయనం అని బెదిరిపోకూడదు. తేడా వెంట్రుక మీద తెలుస్తుంది: నీలిఆకు వెంట్రుకకు మొదట పచ్చ, నీలం ఛాయ ఇచ్చి, రెండు రోజుల్లో ముదురుతుంది. కడిగిన వెంటనే బొగ్గులా నల్లగా, ఏ పచ్చదనమూ లేకుండా ఉంటే ఆ నలుపు ఆకుది కాదు. చాలా కొద్దిగా కలిపితే మాత్రం ఏ ఇంటి పరీక్షా పట్టలేదు, అది ప్రయోగశాలలోనే తేలుతుంది.

విడిగా కొన్న రెండు పొడులతో

పై ఉదాహరణలోని జుట్టుకు గోరింటాకు పొడి 100 గ్రాములు, నీలిఆకు పొడి 100 నుంచి 150 గ్రాములు సరిపోతాయి. నడుము దాకా ఉంటే రెట్టింపు, కుదుళ్లకు మాత్రమే అయితే ఒక్కోటి 40, 50 గ్రాములు.

గోరింటాకు పొడిలో సుమారు 300 మిల్లీలీటర్ల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పెరుగులా జారేంత చేసి మూతపెట్టాలి. ఎండాకాలం మూడు నాలుగు గంటలు, చలికాలం రాత్రంతా. ముద్ద పైభాగం గోధుమ రంగుకు తిరిగి, వేలికి అంటించుకుంటే ఐదు నిమిషాల్లో నారింజ మరక పడితే సిద్ధమైనట్టు. నూనె లేని జుట్టుకు పట్టించి రెండు మూడు గంటలు ఉంచి, షాంపూ లేకుండా కడగాలి. ఇదివరకు నూనె రాసి ఉంటే ముందురోజే తలస్నానం చేయాలి. రంగు పట్టలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఈ నూనె వల్లనే.

జుట్టు ఆరాక నీలిఆకు పొడి. గోరువెచ్చటి నీళ్లు, అర చెంచా ఉప్పు, అంతే. నిమ్మరసం, పెరుగు, టీ డికాక్షన్ ఇక్కడ వేయకూడదు, పులుపు నీలాన్ని బలహీనపరుస్తుంది. పది పదిహేను నిమిషాలు ఆగి వెంటనే పట్టించాలి, గంట గడిచిన ముద్ద గిన్నెలోనే నీలమైపోయి వెంట్రుకకు అంటదు. తల ఆరిపోకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి, ముదురు గోధుమకు ముప్పావు గంట, నలుపుకు గంటన్నర నుంచి రెండు గంటలు. రెండు రోజులు షాంపూ వద్దు. కడిగిన రోజు పచ్చగా కనిపిస్తే కంగారుపడి మళ్లీ రుద్దకండి, మరుసటి రోజుకు సర్దుకుంటుంది. వారాలు గడిచేకొద్దీ నీలం ముందు వెళ్లి ఎరుపు మిగులుతుంది. అప్పుడు నీలిఆకు ఒక్కటే మళ్లీ పెడితే చాలు.

మొత్తం కలిపితే ఒక పూట పని. అంత తీరిక లేనివాళ్లు, గోరింటాకు రాగి రంగు నచ్చనివాళ్లు, ఇంతవరకు ఏ డై వల్లా దురద రానివాళ్లు పదార్థాలన్నీ నిజాయితీగా రాసిన క్రీమ్ డైని ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. పిపిడి ఒకసారి పడలేదంటే మాత్రం అది జీవితాంతం ఉండేదే. తక్కువ శాతం ఉన్నదో, మరో కంపెనీదో ప్రయత్నిద్దామన్న ఆలోచన పనికిరాదు. చేతి మీద నల్లటి మెహందీ డిజైన్ వేయించుకున్నప్పుడు బొబ్బలు వచ్చినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు.

ఏ రకమైనా, వాడబోయే ముద్దను మోచేతి మడత లోపల రూపాయి బిళ్లంత పూసి, ప్యాకెట్ మీద రాసిన సమయం ఉంచి కడిగి, కనీసం 48 గంటలు చూడాలి. పిపిడి ఎలర్జీ వెంటనే కనబడదు, ఒకటి నుంచి మూడు రోజుల్లో తేలుతుంది. పది నిమిషాలు చూసి సరే అనుకోవడం పరీక్ష కాదు. ఎన్నో ఏళ్లు పడిన రంగు హఠాత్తుగా పడకపోవచ్చు కాబట్టి, పాత ప్యాకెట్‌కైనా ప్రతిసారీ చేయాలి. ఆకుల పొడి కూడా పసిపిల్లలకు పెట్టకూడదు. జీ6పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువున్న పిల్లల్లో లాసోన్ ఎర్ర రక్తకణాలను విరగ్గొట్టవచ్చు.

తలకు పెట్టాక నుదురు, చెవులు, కనురెప్పలు వాచడం మొదలైతే ధారగా నీళ్లతో కడిగి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఊపిరి ఆడటం కష్టమైతే ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికే. వెళ్లేటప్పుడు ఖాళీ ప్యాకెట్‌ను, లేదా దాని వెనక పక్క ఫోటోను తీసుకెళ్లాలి. “హెర్బలే వాడానండి” అన్న మాటతో వైద్యుడికి ఏమీ తెలియదు, ఆ వెనక జాబితాతో తెలుస్తుంది.